ఒకే కన్ను మళ్ళీ మళ్ళీ ఎర్రబడి నొప్పి పెడుతుంటే: అది హెర్పిస్ అయినప్పుడు ఏం చేయాలి, స్టెరాయిడ్ చుక్కలు ఎప్పుడు వేయకూడదు

"పోయినసారి ఇచ్చిన చుక్కల సీసా ఇంట్లోనే ఉంది. అప్పుడు రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. మళ్ళీ అవే వేసుకోవచ్చా?" మళ్ళీ మళ్ళీ కన్ను ఎర్రబడేవాళ్ళు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉండి, మీ కంటి జబ్బు హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చినదైతే, పరీక్ష చేయించకుండా ఒక్క చుక్క కూడా వేయకండి. ఎరుపు తగ్గినట్టే తగ్గి, నల్లగుడ్డు మీద పుండు మాత్రం పెద్దదవుతుంది. కంట్లో పువ్వు పడటం ఇలా కూడా మొదలవుతుంది.

ఇది మీ అంతట మీరే మందులు మొదలుపెట్టడానికి రాసింది కాదు. కన్ను ఎర్రబడిన రోజున ఏం చేయాలి, డాక్టరును ఏం అడగాలి, మందు ఎలా వేసుకోవాలి, అది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది అన్నవి వరుసగా చెబుతాను.

ముందుగా తెలియాల్సింది కొంచెమే

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ చాలామందికి చిన్నప్పుడే, తెలియకుండానే సోకుతుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో ఉండే కణుపులో అది జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. కొందరిలో అప్పుడప్పుడు మేల్కొని, అదే నరం వెంట కంటి ముందున్న పారదర్శక పొరకు, అంటే కార్నియాకు చేరుతుంది. అందుకే ఎక్కువమందికి ప్రతిసారీ అదే కన్నుకు వస్తుంది.

కార్నియాలో అది రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. పై పొరలో వైరస్ తానే పెరుగుతూ కణాలను చంపి పుండు చేస్తుంది. లోపలి పొరల్లో వచ్చే వాపుకు ఎక్కువగా మన రోగనిరోధక శక్తి వైరస్ మీద చేసే దాడే కారణం. స్టెరాయిడ్ చేసే పని ఆ దాడిని అణచడం. కాబట్టి పై పొర పుండులో స్టెరాయిడ్ వేస్తే వైరస్‌ను ఆపేవాళ్ళు లేకుండా పోతారు. లోపలి వాపులో మాత్రం, వైరస్‌ను అణచే మందు, అంటే యాంటీవైరల్ తోడుగా ఉంటే, అదే స్టెరాయిడ్ చూపును కాపాడుతుంది. రెండు సందర్భాల్లోనూ తప్పకుండా ఉండాల్సింది యాంటీవైరల్. స్టెరాయిడ్ అవసరం ఒక సందర్భంలోనే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంతకుముందు వాడిన చుక్కల సీసాలు, ట్యూబులు, వాటి అట్టపెట్టెలు, పాత చీటీలు. డాక్టరుకు చూపించేదాకా ఖాళీ సీసా అయినా పారేయకండి.
- ఏ కన్నుకు, ఎప్పుడెప్పుడు వచ్చింది, ఏ మందుతో ఎన్నాళ్ళకు తగ్గింది అని రాసుకున్న కాగితం.
- చూపు పోల్చుకోవడానికి గోడ మీది క్యాలెండర్ లాంటి ఎప్పుడూ ఒకేచోట ఉండేది ఏదైనా ఒకటి.
- ఇతర జబ్బులకు వాడే మాత్రల వివరాలు. కిడ్నీ పరీక్ష రిపోర్టు ఉంటే అది కూడా.

1. ఇది మామూలు కండ్లకలక కాకపోవచ్చని గుర్తించండి

కండ్లకలక తరచుగా ఒక కంటి నుంచి రెండో కంటికి పాకుతుంది, పుసి కడుతుంది, చూపు మాత్రం పెద్దగా తగ్గదు. హెర్పిస్ చాలావరకు ఒక కంటికే వస్తుంది. నీరు కారుతుంది కానీ చిక్కటి పుసి ఉండదు. వెలుతురు చూడలేకపోవడం, కంట్లో ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉండటం, చూపు మసకబారడం దీని గుర్తులు. పెదవి మీద జ్వరం పొక్కులు వచ్చే అలవాటుంటే అనుమానం బలపడుతుంది, కానీ పొక్కులు ఎప్పుడూ రాలేదు కాబట్టి హెర్పిస్ కాదని అనుకోవడానికి లేదు.

నొప్పిని కొలబద్దగా పెట్టుకోకండి. ఈ వైరస్ దాడి చేసిన ప్రతిసారీ కార్నియా స్పర్శ కొంత తగ్గుతుంది. మొదటిసారి కన్ను తెరవలేనంత నొప్పి ఉన్నవాళ్ళకే మూడో నాలుగో సారి అంతే పెద్ద పుండు ఉన్నా కాస్త గరగర తప్ప ఏమీ తెలియకపోవచ్చు. "ఈసారి అంత నొప్పి లేదు, తక్కువే వచ్చింది" అని వారం ఆగి వచ్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటున్నారు.

మామూలుగా ఒకటి రెండు రోజుల్లోపు కంటి డాక్టరుకు చూపించుకోవాలి. చూపు బాగా తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నా, ఇదివరకు కార్నియా మార్పిడి జరిగినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, వచ్చింది పసిబిడ్డకైనా, మీకు చూపున్నది ఆ ఒక్క కన్నే అయినా అదే రోజు వెళ్ళండి. లెన్సులు వాడేవాళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పుండు మొదట్లో అచ్చం హెర్పిస్‌లా కనిపిస్తుంది. దాని మందులు పూర్తిగా వేరు. లెన్సు వెంటనే తీసేయండి, పారేయకుండా పెట్టెతో సహా పట్టుకెళ్ళండి.

2. ఇంట్లో ఉన్న చుక్కలు పక్కన పెట్టి, సీసా మీద పేరు చదవండి

బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి. ఆ పేరు "సోన్" అనో "లోన్" అనో ముగిసినా, మధ్యలో "ప్రెడ్" అని ఉన్నా అది స్టెరాయిడ్ అనుకోండి: డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్. కొన్ని సీసాల్లో ఇది యాంటీబయాటిక్‌తో కలిసి ఉంటుంది, టోబ్రామైసిన్‌తో డెక్సామెథాసోన్ కలిపినట్టు. "ఇది ఇన్ఫెక్షన్ చుక్కలే" అని నమ్మి వేసుకునేది ఎక్కువగా వీటినే. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పనిచేస్తుంది, హెర్పిస్ వైరస్ మీద పనిచేయదు. అంటే ఆ సీసాలో ఒక సగం మీకు పనికిరాదు, రెండో సగం హాని చేస్తుంది.

ఇప్పటికే వేసేసుకున్నారా? చీటీ లేకుండా నిన్నో మొన్నో మొదలుపెట్టి ఉంటే ఇక వేయకుండా అదే రోజు కన్ను చూపించుకోండి. డాక్టరు రాసినవి కొన్ని వారాలుగా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపితే లోపలి వాపు రెట్టింపుగా తిరగబెట్టవచ్చు. అదే రోజు ఆ డాక్టరుతో మాట్లాడండి.

నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు ఇంటికి అస్సలు తెచ్చుకోకండి. అవి పుండు మానకుండా చేస్తాయి. చల్లటి గుడ్డ, నల్ల కళ్ళద్దాలు, మీకు సరిపడే నొప్పి మాత్ర చాలు.

3. పరీక్షలో మూడు విషయాలు జరిగాయా చూసుకోండి

మొదటిది కార్నియా స్పర్శ. దూదిని సన్నగా పురిపెట్టి నల్లగుడ్డుకు తాకించి రెండు కళ్ళనూ పోలుస్తారు. మత్తు చుక్క వేయకముందే ఇది చేయాలి, వేశాక చేస్తే అర్థం లేదు. రెండోది ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు వేసి నీలి వెలుతురులో చూడటం. హెర్పిస్ పుండు ఎండిన కొమ్మలా చీలికలు చీలికలుగా, కొసల్లో చిన్న బొడిపెలతో ఆకుపచ్చగా మెరుస్తుంది. మూడోది కంటి ఒత్తిడి. హెర్పిస్ వల్లా పెరుగుతుంది, స్టెరాయిడ్ వల్లా పెరుగుతుంది.

చాలావరకు రోగనిర్ధారణ చూసే జరుగుతుంది. అనుమానం ఉన్నప్పుడే నమూనా తీసి, వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "డాక్టరు గారూ, పుండు పై పొరలో ఉందా, వాపు లోపలి పొరలో ఉందా, రెండూ ఉన్నాయా?" ఆ జవాబు చీటీ మీద రాయించుకోండి. వచ్చేసారి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అది పనికొస్తుంది.

4. పై పొర పుండు అయితే: యాంటీవైరల్ ఒక్కటే

పైపూతగా 3 శాతం ఎసైక్లోవిర్ కంటి ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు వేయడం ఒక పద్ధతి. పుండు మానాక ఇంకో మూడు రోజులైనా కొనసాగిస్తారు. 0.15 శాతం గాన్‌సైక్లోవిర్ జెల్ అయితే పుండు మానేదాకా రోజుకు 5 సార్లు, తర్వాత వారం పాటు 3 సార్లు. ఇవి కాకుండా మాత్రలతోనూ నయం చేయవచ్చు: ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు 3 నుంచి 5 సార్లు, 7 నుంచి 10 రోజులు. లేదా వాలసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. మామూలు కొమ్మ పుండుకు ఈ పద్ధతుల్లో ఒకటి చాలు. చేతులు వణికేవాళ్ళకు, ఆయింట్‌మెంట్‌కు కన్ను మండేవాళ్ళకు, చిన్నపిల్లలకు మాత్రలో సిరప్పో నయం. పిల్లల మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

కిడ్నీ జబ్బు ఉన్నా, వయసు పైబడినా మాత్రల మోతాదు తగ్గించాల్సి రావచ్చు, కాబట్టి ముందే చెప్పండి. గర్భిణులూ చెప్పాలి. మాత్రలు వాడినన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగాలి.

ఆయింట్‌మెంట్ వేసే తీరు ఇదీ. చేతులు కడుక్కోండి. కింది రెప్పను వేలితో కిందికి లాగి, ఏర్పడిన సందులో సెంటీమీటరు పొడవున మందు వేయండి. ట్యూబు మూతి కంటికి గానీ రెప్పకు గానీ తగలకూడదు. అర నిమిషం కన్ను మూసి ఉంచండి. తర్వాత చూపు మసగ్గా ఉంటుంది, అది మందు వల్లే, కాసేపటికి పోతుంది. చుక్కల మందు కూడా ఉంటే చుక్క ముందు, అయిదు పది నిమిషాల తర్వాత ఆయింట్‌మెంట్.

ఎక్కువమంది చేసే పొరపాటు రోజుకు అయిదు అని రాస్తే మూడు వేయడం. అయిదూ మెలకువగా ఉన్న వేళల్లో సమానంగా పడాలి. ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7, 11 అని ఫోన్లో అలారం పెట్టుకోండి. రెండో పొరపాటు మంట తగ్గగానే నాలుగో రోజున మానేయడం. దానికి సరిగ్గా వ్యతిరేకమైనది మూడోది: మానిన తర్వాత కూడా "మంచిదే కదా" అని నెలలు నెలలు ఆయింట్‌మెంట్ వేయడం. యాంటీవైరల్ పైపూతలు ఎక్కువకాలం వాడితే పై పొరను అవే దెబ్బతీస్తాయి. అప్పుడు వచ్చే ఎరుపును చూసి వైరస్ తగ్గలేదనుకుని ఇంకా ఎక్కువ వేస్తారు.

5. లోపలి పొర వాపు అయితే: యాంటీవైరల్ నీడలో స్టెరాయిడ్

స్టెరాయిడ్‌కు న్యాయం చేసి చెప్పాలి. 1994లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, లోపలి పొర వాపు ఉన్నవాళ్ళకు యాంటీవైరల్ చుక్కలతో పాటు ప్రెడ్నిసోలోన్ చుక్కలను పది వారాల పాటు మెల్లగా తగ్గిస్తూ ఇచ్చారు. స్టెరాయిడ్ లేనివాళ్ళతో పోలిస్తే వీళ్ళలో వాపు త్వరగా తగ్గింది. కాబట్టి మీ డాక్టరు పరీక్ష చేసి, పుండు లేదని చూసి, యాంటీవైరల్‌తో కలిపి స్టెరాయిడ్ రాస్తే భయపడి మానేయకండి.

అయితే మూడు షరతులు. యాంటీవైరల్ ఏ రోజూ తప్పకూడదు. మాత్ర అయిపోయి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం మిగిలితే అదే ప్రమాదం, ఆ రోజే డాక్టరుకు చెప్పి మాత్రలు తెచ్చుకోండి. స్టెరాయిడ్‌ను రోజుకు నాలుగు నుంచి మూడు, రెండు, ఒకటి అని చీటీలో ఉన్న ప్రకారమే తగ్గించాలి. వాడినంతకాలం కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి. ఒత్తిడి పెరిగి వచ్చే నీటికాసుల జబ్బు మొదట్లో నొప్పి లేకుండానే వస్తుంది, మీకు తెలియదు.

పుండూ వాపూ రెండూ ఉంటే మోతాదుల తూకం కష్టం. అది కార్నియా నిపుణుల పని.

ఒక ఉదాహరణ చూద్దాం

ముప్పై ఆరేళ్ల ఆమెకు ఎడమ కన్ను మూడోసారి ఎర్రబడింది అనుకోండి. శనివారం ఇంట్లో ఉన్న టోబ్రామైసిన్, డెక్సామెథాసోన్ చుక్కలు రోజుకు నాలుగు సార్లు మొదలుపెట్టింది. సోమవారానికి కన్ను తెల్లబడింది, నొప్పి తగ్గింది. మందు పనిచేసిందనే అనుకుంది. గురువారం క్యాలెండర్ మీద అంకెలు అలికేసినట్టు కనిపించాయి. పరీక్షలో కొమ్మ ఆకారం పోయి, కొమ్మల మధ్య జాగా అంతా కలిసిపోయి దేశపటంలా విస్తరించిన పుండు కనిపించింది. తెల్లబడటం నిజమే, వాపు తగ్గడమూ నిజమే. కానీ ఆ అయిదు రోజులూ వైరస్ అడ్డు లేకుండా పెరిగింది.

డాక్టరు స్టెరాయిడ్ ఆపించారు. కిడ్నీ పరీక్ష చూసి ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు 5 సార్లు ఇచ్చారు. పెద్ద పుండు కాబట్టి మామూలు కొమ్మ పుండుకు వాడే దానికంటే మోతాదూ ఎక్కువ, గడువూ ఎక్కువ: రెండు మూడు వారాలు. మొదటి మూడు రోజులు కన్ను మునుపటికంటే ఎర్రగా కనిపించింది. ఇక్కడే చాలామంది "ఆ పాత చుక్కలే నయం" అని వెనక్కి వెళ్తారు. ఆమె వెళ్ళలేదు. నాలుగో రోజు పరీక్షలో పుండు అంచు ఆగింది, వారానికి సగానికి తగ్గింది, పదహారో రోజుకు పై పొర మూసుకుంది.

నాలుగో వారంలో చూపు మళ్ళీ తగ్గింది. ఈసారి రంగు వేస్తే ఎక్కడా అంటలేదు, పుండు లేదు. కానీ లోపలి పొర పొగచూరినట్టు ఉబ్బి ఉంది. ఇప్పుడు అదే డాక్టరు ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కొనసాగిస్తూ ప్రెడ్నిసోలోన్ చుక్కలు రాశారు, పది వారాల్లో తగ్గించేలా. నెల క్రితం హాని చేసిన తరగతి మందే ఇప్పుడు మచ్చ ముదరకుండా ఆపింది. తేడా తెచ్చింది ఫ్లోరెసిన్ పరీక్ష, తోడుగా ఉన్న యాంటీవైరల్.

6. మందు పనిచేస్తోందా, ఎలా తెలుస్తుంది

ఎరుపును బట్టి చూడకండి, పై ఉదాహరణలో అదే మోసం చేసింది. రోజూ ఒకే వేళకు, మందు వేయకముందు, బాగున్న కన్ను మూసి క్యాలెండర్ చూడండి. ఎంత దూరం నుంచి అంకెలు చదవగలిగారో రాసుకోండి. వెలుతురు చూడటం సులువవుతుంటే అది మంచి గుర్తు. ఫోటో తీస్తే ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి తీయండి. అయితే కొమ్మ పుండు ఫోన్ ఫోటోలో సాధారణంగా కనిపించదు. ఫోటోలో ఏమీ లేదు కాబట్టి మానిందని నిర్ణయించకండి. మానిందని చెప్పేది రంగు వేసి చేసే పరీక్షే.

మామూలు కొమ్మ పుండు ఒకటి రెండు వారాల్లో మానాలి. వారం గడిచినా చిన్నదవకపోతే, రెండు వారాలకు మూసుకోకపోతే, మందు మార్చమని అడిగే ముందు ఇవి ఆలోచించాలి: మోతాదు నిజంగా అన్ని సార్లూ పడిందా? ఎవరైనా స్టెరాయిడ్ కలిపారా? ఆయింట్‌మెంటే పై పొరను దెబ్బతీస్తోందా? స్పర్శ పోవడం వల్ల వైరస్ చచ్చినా పుండు మానడం లేదా? అలాంటి పుండుకు ఇంకా యాంటీవైరల్ పోసి లాభం లేదు, కన్ను తడిగా ఉంచే చుక్కలు, రక్షణ కావాలి. అసలు ఇది హెర్పిసేనా? వైరస్ మందుకు లొంగకపోవడం కూడా జరుగుతుంది కానీ ముందు మిగతావన్నీ చూడాలి.

నొప్పి హఠాత్తుగా పెరిగినా, కంట్లోంచి వేడి నీళ్ళు బొటబొటా కారినా, తెల్లమచ్చ కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

7. మళ్ళీ రాకుండా

1998లో ప్రచురితమైన పరిశోధనలో ఏడాదిలోపు హెర్పిస్ వచ్చి తగ్గిన కళ్ళున్నవాళ్ళకు ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 12 నెలలు ఇచ్చారు. ఆ ఏడాదిలో మాత్ర వాడినవాళ్ళలో 19 శాతం మందికి, వాడనివాళ్ళలో 32 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. పూర్తిగా ఆపదు, బాగా తగ్గిస్తుంది. లోపలి పొర వాపు వచ్చినవాళ్ళకు దీనివల్ల మేలు ఎక్కువ, ఎందుకంటే చూపు పోగొట్టేది ఎక్కువగా అదే. తరచుగా తిరగబెట్టేవాళ్ళూ, కార్నియా మార్పిడి చేయించుకున్నవాళ్ళూ డాక్టరుతో దీని గురించి మాట్లాడాలి. మొదటిసారి చిన్న కొమ్మ పుండు వచ్చి మచ్చ లేకుండా తగ్గినవాళ్ళకు ఏడాది మాత్రలు అవసరం ఉండకపోవచ్చు.

మాత్రలు ఆపేశాక రక్షణ కూడా ఆగిపోతుంది. శుక్లం ఆపరేషన్ గానీ, కళ్ళద్దాలు పోవడానికి లేజర్ గానీ చేయించుకోవాలంటే హెర్పిస్ వచ్చిందని ముందే చెప్పండి. ఆపరేషన్, తర్వాత వేసే స్టెరాయిడ్ చుక్కలు రెండూ వైరస్‌ను లేపగలవు, దానికి ముందుగా యాంటీవైరల్ మొదలుపెడతారు.

పెదవి మీద పొక్కులున్న రోజుల్లో వాటిని ముట్టుకున్న చేత్తో కన్ను తాకకండి, లెన్సులు పెట్టకండి, పసిపిల్లలను ముద్దుపెట్టకండి. తెరిచి నెల దాటిన ట్యూబును, పాత స్టెరాయిడ్ సీసాను, అట్టపెట్టె మీది పేరు ఫోటో తీసి దాచుకున్నాక, పారేయండి.